పప్పు వయసు సౌదాలో ఎక్కడ?

జీడిపప్పు బజారులో గింజ లెక్కకు ధర ఉన్నది, తెలుపుకు ధర ఉన్నది, విరుగుడుకు తరుగు ఉన్నది. ఒలిచి ఎన్ని నెలలైనదన్న దానికి మాత్రం సౌదా చీటీలో చోటు లేదు. డబ్ల్యూ 240 అంటే పౌనుకు 220 నుంచి 240 గుండ్లు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320 గుండ్లు అని పలాస నుంచి బొంబాయి వరకు అందరికీ తెలుసు. ఫోనులో రకం చెప్పి, ధర చెప్పి, బేరం ముగిస్తారు. గింజ లెక్క తప్పితే అదే రోజు తెలిసిపోతుంది. వయసు తప్పితే పండుగ ముందు, సరకు చిల్లర దుకాణం చేరిన తరువాత గాని తెలియదు. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది. ఆ తరువాత మిగిలేది తగాదా.

కోస్తాలో ఒక టోకు వర్తకునికి ఎదురైన వ్యవహారం ఇందుకు తగిన ఉదాహరణ. ఆయన మే నెలలో బ్రోకరు ద్వారా 320 రకం గుండ్లు, పది కిలోల టిన్నులు 60 కొన్నాడు. పది టిన్నులు తన గోదాములో ఉంచుకొని, 50 టిన్నులు కోల్డ్ స్టోరేజీకి పంపాడు. ఆగస్టులో శ్రావణమాసపు గిరాకీ రాగానే 24 టిన్నులు బయటకు తెప్పించాడు. ముసురు పట్టిన రోజు. లారీ దిగిన గంటలోపే టిన్నులు కోసి, పప్పును పళ్ళాలలో పోసి, పావుకిలో ప్లాస్టిక్ కవర్లలో కట్టించాడు. దసరా దగ్గరపడే సరికి దుకాణాల నుంచి కవర్లు తిరిగి రాసాగాయి. పప్పు మెత్తబడింది, ముక్క వాసన వేస్తున్నది, నమిలితే చివరన కనరు తగులుతున్నది. నిరుటి సరకును కొత్త టిన్నులలో నింపి అంటగట్టారని వర్తకుడు ఆరోపించాడు. ఏప్రిల్‌లో ఒలిచిన పప్పే పంపామని ఫ్యాక్టరీ వారు బల్ల గుద్ది చెప్పారు. మధ్యన బ్రోకరు చిక్కుకున్నాడు.

ఇరువురూ నిజమే చెప్పి ఉండవచ్చునన్నది మొదట ఎవరికీ తోచలేదు. అదెలాగో తెలియాలంటే పప్పు చెడే తీరు కొంత తెలియాలి.

జీడిపప్పులోను, బాదంలోను, వేరుశనగలోను బరువులో దాదాపు సగం నూనెయే. పెంకులో ఉన్నంత కాలం ఆ నూనెకు గాలి, వెలుతురు, చేతి తడి అంతగా సోకవు. ఒలిచిన నాటి నుంచి లెక్క మొదలవుతుంది. అందువల్ల పంట ఏ ఏడాదిది అనేదానికన్నా ఒలిచి ఎంతకాలమైనదనేది ముఖ్యం. పలాస ఫ్యాక్టరీలకు స్థానిక గింజతోబాటు ఆఫ్రికా గింజ కూడా వస్తుంది. బాగా ఎండిన గింజ పెంకుతో గోదాములో నెలల తరబడి ఆగగలదు. అటువంటి గింజను నిన్న ఒలిచి ఉంటే అది కొత్త పప్పు కిందనే లెక్క. ఈ ఏడాది గింజనే వేసవిలో ఒలిచి, రేకుల గోదాములో వానాకాలమంతా ఉంచితే దీపావళి నాటికి అది పాత సరకే.

పప్పు చెడటంలో రెండు దారులున్నాయి. ఒకటి గాలి దారి. గాలిలోని ఆమ్లజని నూనెను పట్టి, పాత రంగు డబ్బా మూత తీసినట్టు, తడిసి ఆరిన అట్టపెట్టెను మూచూసినట్టు ఒక వాసన పుట్టిస్తుంది. వేడి, వెలుతురు, తుప్పు రేకు దీనిని తొందర పెడతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుందని మోటు లెక్క. రెండవది తడి దారి. తేమ ఎక్కిన పప్పులో నూనె విడిపోయి ఆమ్లాలు పుడతాయి. అప్పుడు పప్పు మెత్తబడుతుంది, రుచి మారి గొంతులో గరగర తెలుస్తుంది, వెనుకనే బూజు, పురుగు వస్తాయి. మొదటి దారిన చెడిన పప్పు విరిస్తే ఇంకా పుటుక్కుమనే విరుగుతుంది. రెండవ దారిన చెడినది తోలులాగా వంగుతుంది. ఈ తేడా తెలిసిన వ్యాపారి సరకు ఎక్కడ దెబ్బతిన్నదో సగం చెప్పగలడు.

జీడిపప్పులో తేమ వ్యవహారం ఫ్యాక్టరీలోనే మొదలవుతుంది. పెంకు తీసిన పప్పును పొట్టు ఊడడానికి బోర్మాలో 70 డిగ్రీల చుట్టూ కొన్ని గంటలు ఆరబెడతారు. అక్కడ తేమ మూడు శాతానికి దిగుతుంది. అంత ఎండిన గుండు పట్టుకుంటే చిట్లుతుంది కనుక, గ్రేడింగుకు, పాకింగుకు ముందు కొంత తేమ పట్టనిచ్చి ఐదు శాతం లోపున ఆపుతారు. ఇది న్యాయమైన పనే. అయితే ఇక్కడే ఒక ఆశ ఉన్నది. ఐదు శాతం తేమ ఉన్న వెయ్యి కిలోల పప్పును ఏడు శాతానికి తెస్తే అది సుమారు 1,021 కిలోలు తూగుతుంది. టన్నుకు 21 కిలోల నీరు పప్పు ధరకు అమ్ముడుపోతుంది. కొన్నవాడు పోగొట్టుకొనేది ఆ 21 కిలోల ధర మాత్రమే కాదు, మిగతా సరకు ఆయుష్షు కూడా. టిన్ను కోయగానే పప్పు చేతికి చల్లగా, మెత్తగా తగిలి, విరిస్తే చప్పుడు రాకపోతే తేమ మీటరు పెట్టించకుండా దింపుకోరాదు.

ఇక పాకింగు సంగతి. పాత రోజుల నుంచి టిన్నులో గాలి లాగి కార్బన్ డయాక్సైడు నింపే పద్ధతి ఉన్నది. ఇప్పుడు అదే పని ప్లాస్టిక్ సంచిలో చేసి అట్టపెట్టెలో పెడుతున్నారు. ఈ వాయువును పప్పులోని నూనె కొంత పీల్చుకుంటుంది, అందువల్ల ఒకటి రెండు రోజులలో సంచి బిగిసి ఇటుకలాగా గట్టిపడుతుంది. పది పెట్టెలలో తొమ్మిది గట్టిగా ఉండి ఒకటి వదులుగా చేతికి మెదిలితే, దాని అతుకు ఎక్కడో వదిలింది. దానిని ముందు అమ్ముకోవాలి, నిలవకు పెట్టకూడదు. నత్రజని నింపిన సంచి మాత్రం ఈ పరీక్షకు నిలవదు. అది మొదటి నుంచీ ఉబ్బుగానే ఉంటుంది. ఏ వాయువు నింపారో పంపినవారిని అడగడం ఉత్తమం.

మూత పడిన టిన్ను చల్లగా ఉన్న చోట చాలాకాలం నమ్మకంగా ఆగుతుంది. కోసిన టిన్నుకు ఆ భరోసా లేదు. సగం వాడి మూత నొక్కి అటక మీద పెట్టిన టిన్ను, వ్యాపార దృష్టిలో, వేరే సరకు కింద లెక్క. దానిని మరునాడు కోసిన టిన్నుతో కలపడం చాలా దుకాణాలలో అలవాటు. బజారులో పాత సరకు కలిపారన్న ఫిర్యాదులలో కొన్ని ఇక్కడ పుట్టినవే.

కోల్డ్ స్టోరేజీ విషయానికి వస్తే, ఐదు నుంచి పది డిగ్రీల చలి, 65 శాతం మించని గాలి తేమ ఒలిచిన పప్పుకు అనుకూలం. గుంటూరు ప్రాంతంలో శీతల గిడ్డంగులకు కొదవ లేదు గాని, అవి ముఖ్యంగా మిర్చికి కట్టినవి. నూనె గింజ చుట్టుపక్కల వాసనను ఇట్టే పట్టుకుంటుంది. మిర్చి బస్తాల గదిలో ఆరు నెలలు ఉన్న బాదం చెడకపోవచ్చును, కాని పాలలో నానబెట్టినపుడు దాని సంగతి బయటపడుతుంది. మిర్చి, పసుపు, ఉల్లి, పండ్లు లేని గది దొరికితేనే అద్దె కట్టడం మేలు.

కోస్తా వర్తకుని సరకు ఈ పరీక్షలన్నీ నెగ్గింది. గది వేరే, టిన్నులు గట్టివి, చలి సరిపోయింది. అది చెడింది ఆ ఒక్క మధ్యాహ్నం. ముసురు రోజున బయట గాలి 32 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉన్నదనుకుంటే, ఆ గాలి 28 డిగ్రీలకు చల్లబడగానే నీరు కారుస్తుంది. టిన్ను లోపలి పప్పు ఎనిమిది డిగ్రీలున్నది. మూత తెరిచి పళ్ళెంలో పోయగానే, ఐసు నీళ్ళ గ్లాసుకు పట్టినట్టు, ప్రతి గుండు మీద కంటికి సరిగా కనబడని నీటి పొర పట్టింది. ఆ తడితోనే కవర్లు కట్టారు. చెమ్మ లోపలే ఉండిపోయింది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన టిన్నును మూత తీయకుండా, ఒక దానికొకటి ఎడంగా, కనీసం ఒక రోజు గోదాములో ఉంచి, బయటి రేకు పొడిబారి చేతికి గది వేడి తగిలిన తరువాతనే కోయాలి. ఆ తొందరపాటుకు మూల్యం 24 టిన్నులు.

బ్రోకరు అనుభవజ్ఞుడు. మాటలతో తేలదని గ్రహించి, కోల్డ్ స్టోరేజీలో మిగిలిన 26 టిన్నులలో రెండింటిని తెప్పించి, ఒక రాత్రి ఆరనిచ్చాడు. మరునాడు అందరి ఎదుట మూడు పళ్ళాలు పెట్టించాడు. మొదటి దానిలో ఆ టిన్నుల పప్పు, రెండవ దానిలో మే నుంచి వర్తకుని గోదాములో మూత తీయకుండా ఉన్న టిన్ను పప్పు, మూడవ దానిలో తిరిగొచ్చిన కవర్ల పప్పు. మొదటిది దంతపు తెలుపు, విరిస్తే చప్పుడు, తీపి. రెండవది కొంచెం మీగడ రంగుకు తిరిగింది, వాసన మాత్రం ఇంకా మంచిదే. మూడవది ముట్టుకోగానే తెలిసింది. ఒకే లాటు, ఒకే ఫ్యాక్టరీ, మూడు గతులు. పాత సరకు అంటగట్టి ఉంటే మొదటి పళ్ళెం కూడా మూడవ దానివలెనే ఉండవలసింది.

ప్రతి తగాదాలోను ఇలా మూత తీయని టిన్నులు మిగిలి ఉండవు. అందుకని దింపుకొనే నాడే పాత సరకును గుర్తించడం నేర్వాలి. పై పొర చూసి మెచ్చుకోవడం వల్ల లాభం లేదు, అమ్మేవాడు పైన ఏమి పరచాలో ఎరుగును. నాలుగైదు టిన్నులు ఎంచి, పైన, నడుమ, అడుగున మచ్చు తీయాలి. అడుగున చేరిన నూక, పొడి చేతిలోకి తీసుకొని ముందుగా దానిని మూచూడాలి. విరిగిన ముఖానికి గాలి ఎక్కువ తగులుతుంది కనుక చెడు మొదట పట్టేది నూకకే. గుండు ఇంకా బాగున్నట్టు కనబడుతున్నప్పుడే పొడి నిజం చెబుతుంది. ఆ తరువాత గుండును రెండు బద్దలుగా విడదీసి నడిమి సందు చూడాలి. బయట తెల్లగా ఉండి సందులో పసుపు తిరిగితే ఆ సరకు వేడి చూసినదే. వెలుతురుకు పట్టి చూసినపుడు నూనె కాగితంలాగా మచ్చలు కనబడినా అంతే. సందులోనే పురుగు పొడి, సన్నని గూడు దారాలు కూడా దొరుకుతాయి.

ముక్కు ఒక్కటే చాలదనుకున్నవారికి ఒక చిన్న ఉపాయం ఉన్నది. శుభ్రమైన రెండు గాజు సీసాలలో, ఒకదానిలో మచ్చు పప్పు గుప్పెడు, మరొకదానిలో మంచిదని తెలిసిన పప్పు గుప్పెడు పోసి మూతలు బిగించి, గోరువెచ్చని నీళ్ళలో అరగంట ఉంచాలి. ఒకదాని వెంట ఒకటి మూత తీసి వాసన చూస్తే, చల్లగా ఉన్నపుడు దాగిన తేడా బయటపడుతుంది. పోల్చడానికి మంచి సీసా లేకుండా చేస్తే మాత్రం ముక్కు మోసపోతుంది. రోజంతా కిరాణా కొట్టులో ఉన్న ముక్కు మరీను.

వేయించి చూపించే మచ్చును నమ్మరాదు. వేడి కమ్మదనం చెడు వాసనను కొద్ది కాలం కప్పుతుంది. ఉప్పు, కారం, మిరియం పట్టిస్తే ఇంకా బాగా కప్పుతుంది. పైగా వేయించిన పప్పు పచ్చి పప్పుకన్న త్వరగా చెడుతుంది. పాత సరకును మసాలా పప్పుగా మార్చి వదిలించుకుంటే అది మరొక దుకాణంలో, మరొక నెలలో తగాదాగా తిరిగి వస్తుంది.

వేరుశనగ కథ కొంత వేరు. మన చిన్న గింజ రకాలలో త్వరగా చెడే నూనె భాగం జీడిపప్పు, బాదంలలోకన్న ఎక్కువ. అందుచేత పప్పుగా నిలవ చేయడంకన్న కాయగా నిలవ చేసి, బేరం కుదిరిన తరువాత ఒలిపించడం పాత వ్యాపారుల పద్ధతి. అది నేటికీ సరైనదే. దీనిని పాడుచేసేది నీళ్ళ చెంబు. ఎండిన కాయను మిషనులో వేస్తే పప్పు బద్దలవుతుందని ముందుగా కాయ మీద నీళ్ళు చల్లి ఒలుస్తారు. విరుగుడు తగ్గి గుండు లెక్క బాగుంటుంది, తూకమూ కలిసి వస్తుంది. ఆ తడి పప్పును ఆరబెట్టకుండా బస్తాలకెక్కిస్తే బూజు ఖాయం. పప్పులో తేమ ఏడు శాతం లోపు ఉండాలి. గుప్పెడు పప్పు పిడికిట బిగించి ఆడిస్తే గలగలమనాలి. పొర గులాబీ రంగు వదిలి ముదురు గోధుమకు తిరిగినా, బద్ద విప్పితే మొలక చివర నల్లబడినా అది పాతదో, తడిసినదో. అయితే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ముక్కుకు గాని, నాలుకకు గాని దొరకదు. దానికి లేబరేటరీ ఒక్కటే దారి. బూజు అనుమానమున్న మచ్చును నమిలి చూడటం మానుకోవాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు 2020లో విడుదలైనవి. వాటి నూనె మామూలు రకాల నూనెకన్న చాలా నెమ్మదిగా చెడుతుంది. వాటిని వేరుగా ఉంచి వేరుగా అమ్మితేనే రైతుకు, వ్యాపారికి ఫలితం. మిగతా పప్పులో కలిపితే ఏమీ మిగలదు.

బాదానికి పైపొర కొంత కాపుదల. కాలిఫోర్నియా నుంచి వచ్చే పెట్టె మీద పంట సంవత్సరం ఉంటుంది. పెంకుతో దిగుమతి అయి ఇక్కడ ఒలిచిన సరకుకు మాత్రం ఆ సంవత్సరం సగం మాటే, ఒలిచిన నెల విడిగా అడగాలి. చాకుతో అడ్డంగా కోస్తే కొత్తది తెల్లగా ఉంటుంది. పాతది పసుపు పచ్చన. నడుమ గోధుమ రంగు చార ఉంటే తడిసిన గింజను వేడితో ఆరబెట్టారని అనుమానించాలి.

లేబరేటరీ కాగితాన్ని కూడా చదవడం తెలియాలి. పెరాక్సైడు విలువ ఐదు లోపున ఉన్నదని చూపి సరకు కొత్తదనేవారున్నారు. ఆ విలువ మొదట పెరిగి, పప్పు మరీ పాతబడిన తరువాత మళ్ళీ తగ్గుతుంది. కనుక తక్కువ అంకె మంచి పప్పుకూ రావచ్చు, ముసలి పప్పుకూ రావచ్చు. దానితోబాటు విడి ఆమ్లాల శాతం కూడా అడగాలి. అది బాదంలో ఒకటిన్నర మించితే సరకు తడి చూసిందని అర్థం. రెండు అంకెలూ బాగుండి, వాసనా బాగుంటేనే సంతకం.

సౌదా చీటీలో ఒలిచిన నెల రాయాలన్న సూచనకు బజారులో వ్యతిరేకత ఉన్నది. నెల రాస్తే పాత నెల సరకుకు ధర పడిపోతుందని నిలవదారుల భయం. ఆ భయంలో కొంత నిజమున్నది. మూత తీయకుండా చలిలో ఆరు నెలలున్న పప్పు, రేకుల కింద రెండు నెలలున్న పప్పుకన్న మేలైనది కావచ్చును. నెల ఒక్కటే రాస్తే మొదటివానికి అన్యాయం జరుగుతుంది. అయితే దానికి విరుగుడు నెల దాచడం కాదు, నిలవ ఉంచిన చోటు కూడా రాయడం. చలి గిడ్డంగి రశీదు ఉన్నవాడు దానిని చూపి పూర్తి ధర అడగవచ్చు. లేనివాడు తగ్గించుకోవాలి. చిల్లర కవరు మీది తేదీ దీనికి బదులు కాజాలదు. అది చాలాసార్లు కవరు కట్టిన తేదీ. లోపలి పప్పు ఎప్పటిదో అది చెప్పదు.

రెండవ సూచనకు ఖర్చు ఒక టిన్ను. లాటుకు ఒక టిన్ను మూత తీయకుండా, ఇరువురి సంతకాల చీటీ అంటించి, బ్రోకరు వద్ద చల్లని చోట ఉంచాలి. సరకు అమ్ముడుపోయాక దానిని కొన్నవానికే ఇచ్చివేయవచ్చు. కోస్తా వర్తకుడు ఆ దసరాకు తన కవర్లు వెనక్కు తీసుకొని నష్టం తానే భరించాడు. ఫ్యాక్టరీ వారు మాటవరసకు కిలోకు కొంత తగ్గించారు, బ్రోకరు ఆ లాటు మీద దలాలీ వదులుకున్నాడు. మరుసటి మే నెలలో ఆయన అదే బ్రోకరు ద్వారా మళ్ళీ 60 టిన్నులు కొన్నాడు. ఈసారి చీటీ మీద ఒలిచిన నెల ఉన్నది, అరవై ఒకటవ టిన్ను బ్రోకరు గదిలో ఉన్నది.